పై అంతస్తుకు నీటి ధార ఎక్కడి నుంచి వస్తుంది?

పై అంతస్తులో షవరు సన్నగా వస్తోందని ఫిర్యాదు రాగానే మన ఇళ్లలో ముందుగా మారేది మోటారు. హాఫ్ హెచ్‌పీ తీసేసి వన్ హెచ్‌పీ పెడతారు. ఆ తర్వాత ట్యాంకు వంతు వస్తుంది. వెయ్యి లీటర్లది దించి రెండు వేల లీటర్లది ఎక్కిస్తారు. ట్యాంకు త్వరగా నిండుతుంది, ఎక్కువసేపు నీళ్లుంటాయి, షవరు మాత్రం మునుపటిలాగే కారుతుంది. ఇది ప్లంబరు పనితనంలో లోపం కాదు. మోటారు బలానికీ ట్యాంకు పరిమాణానికీ షవరు ధారతో అసలు సంబంధమే లేదు.

మోటారు ఎంత బలంగా తోసినా నీళ్లు చివరికి వెళ్లి పడేది ట్యాంకులో, గాలి ఆడే చోట. అక్కడ పడగానే ఆ తోపుడు బలమంతా ఖర్చయిపోతుంది. ఇక అక్కడి నుంచి కుళాయి దాకా నీటిని నడిపేది భూమ్యాకర్షణ ఒక్కటే. ట్యాంకు ఎంత పెద్దదన్నదీ లెక్కలోకి రాదు. నీటి అడుగున ఒత్తిడి పైనున్న నీటి ఎత్తును బట్టి ఉంటుందే గానీ నీటి పరిమాణాన్ని బట్టి ఉండదని ఫ్లెమిష్ ఇంజనీరు సైమన్ స్టెవిన్ 1586లోనే చూపించాడు. ఒక మీటరు ఎత్తు నీరు సుమారు 0.1 బార్ ఒత్తిడినిస్తుంది. పది మీటర్లయితే ఒక బార్. బావి అయినా, సన్నని గొట్టమైనా ఇదే లెక్క. కాబట్టి షవరు ధార గురించి అడగవలసిన మొదటి ప్రశ్న ఒక్కటే: ట్యాంకులో నీటి మట్టం షవరు తల కన్నా ఎన్ని మీటర్లు పైన ఉంది?

హైదరాబాదు కాలనీల్లో ఎటు చూసినా కనిపించే ఇల్లు ఒకటి తీసుకుందాం. గ్రౌండ్ ఫ్లోరు, దాని మీద రెండు అంతస్తులు. మూడు కుటుంబాలు, పన్నెండు మంది. నేల మట్టం నుంచి గచ్చు 0.6 మీటర్లు ఎత్తు, అంతస్తుకు 3 మీటర్ల చొప్పున మూడు. అంటే డాబా శ్లాబు 9.6 మీటర్ల ఎత్తులో ఉంది. దాని మీద ఇటుకలతో 0.3 మీటర్ల దిమ్మె కట్టి ట్యాంకు పెట్టారు. ట్యాంకు నిండితే అందులో నీళ్లు 1.2 మీటర్ల లోతు. షవరు తలను ఏ అంతస్తులోనైనా గచ్చు నుంచి 2.1 మీటర్ల ఎత్తులో బిగించారు.

రెండో అంతస్తు షవరు నేల నుంచి 8.7 మీటర్ల ఎత్తులో ఉంటుంది. ట్యాంకు అడుగు 9.9 మీటర్లలో. ఈ రెంటికీ మధ్య తేడా 1.2 మీటర్లు. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ఇది 2.4 అవుతుంది, అడుగంటేసరికి 1.2కి దిగుతుంది. గ్రౌండ్ ఫ్లోరు షవరుకైతే ఇదే ఎత్తు 8.4 నుంచి 7.2 మీటర్ల దాకా. ఒకే ట్యాంకు నీళ్లు, ఒకేలాంటి షవరు. అయినా ట్యాంకు అడుగంటిన వేళ కింది వాళ్లకు పై వాళ్లకన్నా ఆరు రెట్ల ఒత్తిడి ఉంది.

ఒత్తిడి ఆరు రెట్లయితే ధార కూడా ఆరు రెట్లు కాదు. రంధ్రం నుంచి నీరు బయటికి దూకే వేగం ఎత్తుకు వర్గమూలంగా పెరుగుతుందని టారిచెల్లి 17వ శతాబ్దంలో చెప్పాడు. కాబట్టి కింది షవరుకు పై షవరుకన్నా దాదాపు రెండున్నర రెట్ల నీళ్లు వస్తాయి. ఈ వర్గమూలం లెక్క నుంచి ధార నిలకడ సంగతి కూడా తేలుతుంది. ట్యాంకు నిండు నుంచి అడుగుకు వచ్చేలోగా కింది అంతస్తులో ధార ఏడు శాతం తగ్గుతుంది, ఎవరూ గమనించరు. పై అంతస్తులో అదే సమయంలో ఇరవై తొమ్మిది శాతం పడిపోతుంది. పొద్దున ఆరింటికి బాగానే వచ్చిన షవరు ఎనిమిదింటికి చప్పబడిందని పై వాళ్లు అనేది ఇందుకే. వాళ్ల తలమీద ఉన్న మొత్తం ఎత్తులో సగం ట్యాంకు లోతే, అది గంట గంటకూ కరిగిపోతుంది.

మందు కూడా ఈ లెక్కలోనే ఉంది. మెట్ల గది శ్లాబు డాబా కన్నా 2.4 మీటర్లు పైన ఉంటుంది. అదే ట్యాంకును, అదే దిమ్మెను దాని మీదికి మారిస్తే పై షవరుకు కనీస ఎత్తు 1.2 నుంచి 3.6 మీటర్లకు చేరుతుంది. మూడు రెట్లు. ధార 1.7 రెట్లు పెరుగుతుంది, నిండుకూ అడుగుకూ మధ్య తగ్గుదల పదమూడు శాతానికి దిగుతుంది. ఇంట్లో వాషింగ్ మెషిన్ ఉంటే దాని పుస్తకం ఒకసారి తెరవండి. కనీస నీటి ఒత్తిడి అని ఒక అంకె ఉంటుంది. 0.5 బార్ అని ఉందనుకోండి, అంటే అయిదు మీటర్ల ఎత్తు. రెండో అంతస్తులో మెషిన్ కుళాయి గచ్చు నుంచి మీటరు ఎత్తులో ఉంటే, డాబా మీది ట్యాంకు దానికి 2.3 నుంచి 3.5 మీటర్లు మాత్రమే ఇస్తుంది. మెట్ల గది మీది ట్యాంకు 4.7 నుంచి 5.9 ఇస్తుంది, అంటే ట్యాంకు బాగా ఖాళీ కానంత వరకు గట్టెక్కుతుంది. నీళ్లు రావడం లేదని మెషిన్ ఆగిపోతే మెకానిక్కును పిలిచే ముందు ఈ ఎత్తు కొలుచుకోవాలి.

ఎత్తు ఒక్కటే కాదు, ఆ ఎత్తును మధ్యలో తినేసేది ఇంకొకటుంది. అది పైపు. నీళ్లు కదలనంతసేపు పైపు సైజుతో పని లేదు. కదలడం మొదలుకాగానే గోడల రాపిడి కొంత ఎత్తును మింగుతుంది, పైపు సన్నబడే కొద్దీ ఆ మింగుడు విపరీతంగా పెరుగుతుంది. 20వ శతాబ్దం మొదట్లో హేజెన్, విలియమ్స్ అనే ఇద్దరు అమెరికా ఇంజనీర్లు ఇచ్చిన సూత్రాన్ని నీటి సరఫరా ఇంజనీర్లు ఇప్పటికీ వాడుతున్నారు. దాని ప్రకారం లోపలి వ్యాసం సగమైతే అదే ప్రవాహానికి రాపిడి నష్టం దాదాపు ముప్పై రెట్లు అవుతుంది.

మన ఇంటికి ఇది వేసి చూద్దాం. ట్యాంకు నుంచి పై అంతస్తు స్నానాల గదికి పైపు పదిహేను మీటర్లు. ఎల్బోలు, టీలు, వాల్వులు కలిపితే అవి ఇంకో ఏడున్నర మీటర్ల పైపంత అడ్డం. షవరు, వంటింటి కుళాయి, ఫ్లష్ ట్యాంకు కలిసి నిమిషానికి 20 లీటర్లు లాగుతున్నాయనుకుందాం. సీపీవీసీ పైపు ముప్పావు అంగుళానిదైతే రాపిడికి పోయే ఎత్తు 2.9 మీటర్లు. అంగుళం పైపైతే 0.9. ఒకటింబావు అంగుళానిదైతే 0.3. డాబా మీది ట్యాంకు పై షవరుకు ఇవ్వగలిగింది నిండుగా ఉన్నప్పుడు 2.4 మీటర్లే. ముప్పావు అంగుళం పైపు అడుగుతున్నది 2.9. అంటే నిమిషానికి 20 లీటర్లు ఆ పైపులోంచి రానే రావు. ఒకరు షవరు కింద ఉండగా వంటింట్లో ఇంకొకరు కుళాయి తిప్పితే షవరు చచ్చిపోతుంది.

గ్రౌండ్ ఫ్లోరులో అదే ముప్పావు అంగుళం పైపు వేసినా ఎవరికీ ఇబ్బంది ఉండదు. వాళ్లకు ఏడు మీటర్లకు పైగా ఎత్తుంది. దూరం పెరిగినందుకు రాపిడి నాలుగైదు మీటర్లు తిన్నా ఇంకా రెండు మీటర్లు మిగులుతాయి. కాబట్టి ట్యాంకుకు అన్నిటికన్నా దగ్గరగా ఉన్న అంతస్తుకే అన్నిటికన్నా లావు పైపు కావాలి. మనవాళ్లు సాధారణంగా దీనికి తలకిందులుగా చేస్తారు. దగ్గరే కదా, చిన్న పైపు చాలులే అనుకుంటారు. ఎత్తు పుష్కలంగా ఉన్నచోట లావు పైపు వేసి, ఎత్తు కరువైన చోట సన్న పైపుతో సరిపెడతారు.

ఇంకో పొరపాటు, అన్ని అంతస్తులకూ కలిపి ఒకే పైపు దింపడం. కింది అంతస్తులో కుళాయి తిప్పగానే ఆ ఉమ్మడి పైపులో ప్రవాహం పెరుగుతుంది, పై అంతస్తు కొమ్మ దగ్గరికి చేరేలోగానే రాపిడి చాలా ఎత్తును తినేస్తుంది. ఒక్కోసారి ఉన్న ఎత్తంతా అక్కడే పోతుంది. అప్పుడు పై కుళాయి తెరిచి మూతి దగ్గర అరచెయ్యి పెడితే నీళ్లు రావడం మాని చెయ్యిని లోపలికి లాగుతున్నట్టు తెలుస్తుంది. కుళాయి గాలి పీలుస్తోందన్నమాట. ఆ గాలి పైపుల్లో చేరి, ఎత్తయిన మలుపుల దగ్గర ఆగి, కింది వాళ్లు కుళాయి కట్టేసిన తర్వాత కూడా ధారను ఆపుతుంది. ప్లంబర్లు ఎయిర్ లాక్ అనేది దీన్నే.

అందుకే ట్యాంకుకు రెండు అవుట్‌లెట్లు పెట్టించి, ఒకటి ఒకటింబావు అంగుళంతో పై అంతస్తుకు ప్రత్యేకంగా, ఇంకొకటి అంగుళం పైపుతో కింది రెండింటికీ దింపాలి. ప్రతి లైనుకూ గేటు వాల్వు దాటగానే ఒక టీ వేసి, నిలువుగా సన్నని గాలి గొట్టం లేపాలి. దాని మూతి తెరిచే ఉండాలి, ట్యాంకు ఓవర్‌ఫ్లో మట్టం కన్నా పైకి ఉండాలి, లేకపోతే ట్యాంకు నిండినప్పుడల్లా అందులోంచి నీళ్లు కారతాయి. దోమలు చేరకుండా మూతికి జాలీ కడితే చాలు. పైపులో చిక్కిన గాలి దాని గుండా బయటికి పోతుంది, లోపల పీల్పు ఏర్పడితే బయటి గాలి దాని గుండానే వస్తుంది. కొన్ని వందల రూపాయల పని. డబ్బు మిగులుతుందని దీన్ని వదిలేయడం నాకు ఎప్పటికీ అర్థం కాదు.

ఇప్పటికే ఉన్న ఇంట్లో తప్పు ఎత్తుదా, పైపుదా అని తేల్చుకోవడానికి మేస్త్రీ దగ్గరుండే లెవెల్ ట్యూబు చాలు. ఆ పారదర్శక గొట్టం ఒక కొసను పై అంతస్తు కుళాయికి బిగించి, రెండో కొసను కిటికీలోంచి డాబా మీదికి తీసుకెళ్లి ఎత్తి పట్టుకోవాలి. ఇంట్లో అన్ని కుళాయిలూ కట్టేసి, గొట్టం కట్టిన కుళాయిని మాత్రం తిప్పితే గొట్టంలో నీరు పైకెక్కి సరిగ్గా ట్యాంకులోని నీటి మట్టం దగ్గర ఆగుతుంది. ఆగకపోతే పైపులో గాలి చిక్కుకుందనో, వాల్వు మూసుకుపోయిందనో అర్థం. ఇప్పుడు ఎవరినైనా పక్కనున్న షవరు తిప్పమనండి. గొట్టంలో మట్టం కిందికి జారుతుంది. ఎంత జారిందో అంత ఎత్తును ట్యాంకు నుంచి ఆ కుళాయి దాకా ఉన్న పైపు తింటోంది. అర మీటరు లోపు జారితే పైపు మంచిదే, మీ సమస్య ఎత్తు. ట్యాంకు లేపాల్సిందే. ఒకటి రెండు మీటర్లు జారిందా, ట్యాంకు లేపినా పెద్దగా లాభం లేదు. పైపు మార్చాలి, లేదా లోపల పలక విరిగి సగం మూసుకున్న గేటు వాల్వును వెతకాలి. మట్టం అసలు జారకుండా షవరు మాత్రం సన్నగా వస్తుంటే తప్పు షవరులోనే ఉంది. బోరు నీళ్ల ఉప్పు దాని రంధ్రాల్లో పేరుకుని ఉంటుంది, విప్పి కడిగితే సరి.

ఇక ట్యాంకు ఎన్ని లీటర్లది? దీనికి ధారతో సంబంధం లేదు కాబట్టి నిశ్చింతగా విడిగా లెక్క వేసుకోవచ్చు. భూగర్భ డ్రైనేజీ ఉన్న నగరాలకు మనిషికి రోజుకు 135 లీటర్లు అని కేంద్ర ప్రభుత్వ నీటి సరఫరా మాన్యువల్ చెబుతుంది. పన్నెండు మందికి రోజుకు 1,620 లీటర్లు. హైదరాబాదులో చాలా కాలనీలకు జలమండలి నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. ఆ రెండు రోజుల నీళ్లు దాచవలసింది సంపులో, డాబా మీద కాదు. ఒక విడత తప్పినా తట్టుకోవాలంటే సంపు 6,500 లీటర్లకు తగ్గకూడదు. పై ట్యాంకు దాచవలసింది మోటారు ఒకసారి వేయడానికీ మళ్లీ వేయడానికీ మధ్య వాడే నీళ్లు మాత్రమే. రోజుకు రెండుసార్లు మోటారు వేస్తే 800 లీటర్ల పైచిలుకు చాలు. కరెంటు కోతకూ, ఇంటికొచ్చే చుట్టాలకూ కలిపి 1,500 లీటర్లు పెట్టుకోవచ్చు. అంతకు మించి పైన బరువు మోయించడం వృథా. దొరికితే పొడుగు ట్యాంకు కన్నా పొట్టిగా వెడల్పుగా ఉండే ట్యాంకు మేలు. నీటి మట్టం తక్కువ జారుతుంది కాబట్టి పై అంతస్తు ధార నిలకడగా ఉంటుంది.

మోటారు దగ్గరికి చివరగా రావడం వల్ల ఒక లాభం ఉంది, ఎంత ఎత్తు ఎక్కించాలో ఇప్పుడు మనకు కచ్చితంగా తెలుసు. సంపులో నీరు అడుగంటినప్పుడు దాని మట్టం నేల కన్నా 2 మీటర్లు కింద. మెట్ల గది మీది ట్యాంకులోకి నీళ్లు పడే మూతి నేల నుంచి 13.7 మీటర్లు పైన. మొత్తం 15.7 మీటర్లు. 1,500 లీటర్లు అరగంటలో నిండాలంటే నిమిషానికి 50 లీటర్లు ఎక్కాలి. ఆ ప్రవాహానికి ఎక్కే పైపు రాపిడి, మలుపులన్నీ కలిపి, ఒకటింబావు అంగుళం పైపులో 2.6 మీటర్లు, అంగుళం పైపులో 7.5 మీటర్లు. అంటే లావు పైపుతో మోటారు మోయవలసిన హెడ్ దాదాపు 18 మీటర్లు, సన్న పైపుతో 23.

నిమిషానికి 50 లీటర్లను 18 మీటర్లు ఎత్తడానికి నీటికి అందవలసిన శక్తి 150 వాట్లు. ఇళ్లలో వాడే చిన్న పంపులు షాఫ్టు శక్తిలో నలభై శాతమే నీటికి అందిస్తాయనుకుంటే మోటారు 375 వాట్లది కావాలి. అది సరిగ్గా హాఫ్ హెచ్‌పీ. సన్న పైపు వేస్తే ఇదే లెక్క 0.63 హెచ్‌పీకి చేరి, ఇంకో మెట్టు పెద్ద మోటారు కొనాల్సి వస్తుంది. పైపులో పొదుపు చేసిన డబ్బు మోటారుకూ, ఆ తర్వాత ప్రతి నెలా కరెంటు బిల్లుకూ పోతుంది.

షాపులో ఒక్క చోట జాగ్రత్తగా ఉండాలి. పంపు పెట్టె మీద హెడ్ 30 మీటర్లు, డిశ్చార్జి నిమిషానికి 60 లీటర్లు అని పక్కపక్కనే రాసి ఉంటే, రెండూ ఒకేసారి వస్తాయని కొనేవాళ్లు అనుకుంటారు. రావు. పెట్టె మీద గరిష్ఠం అని వేసే ఆ 30 మీటర్లు ఒక్క చుక్క కూడా బయటికి రానప్పటి హెడ్. ఆ 60 లీటర్లు దాదాపు ఎత్తే లేనప్పటి ప్రవాహం. మన ఇల్లు ఆ రెంటి మధ్య ఎక్కడో ఉంది. ఏ హెడ్ దగ్గర ఎన్ని లీటర్లు ఇస్తుందో చూపే పట్టిక కంపెనీ కాగితంలో ఉంటుంది. వోల్టేజీ తగ్గే రోజులను కూడా లెక్కలో వేసుకుని, 20 మీటర్ల దగ్గర 50 లీటర్లు ఇచ్చే పంపు కావాలని షాపులో అడగండి. హెచ్‌పీ ఎంతని తర్వాత అడగవచ్చు. ఆ పంపును సంపు పక్కనే నేల మీద పెట్టాలి. పంపు కింది నుంచి నీటిని లాగదు, లోపల గాలి తగ్గిస్తే బయటి వాతావరణ ఒత్తిడి నీటిని పైకి నెడుతుంది. ఆ ఒత్తిడి సిద్ధాంతంలో పది మీటర్ల పైచిలుకు, ఆచరణలో ఆరేడు మీటర్లు నెట్టగలదు. రెండు మీటర్ల సంపుకు ఇది హాయిగా సరిపోతుంది, ఫుట్ వాల్వు కారకుండా ఉంటే చాలు.

ట్యాంకును లేపడానికి అసలు వీలులేని ఇళ్లుంటాయి. మెట్ల గది ఉండదు, లేదా దాని శ్లాబు బరువు ఆపదు. అక్కడ ప్రెషర్ బూస్టర్ పంపు ఒక్కటే దారి. పై అంతస్తుకు వేసిన ప్రత్యేక లైనులో, ట్యాంకు అవుట్‌లెట్ దగ్గరే దాన్ని బిగించాలి. నిమిషానికి 20 లీటర్లకు పది మీటర్ల హెడ్ కలపడానికి నీటికి కావలసింది 33 వాట్లే కాబట్టి నూటయాభై వాట్ల లోపు బూస్టరు సరిపోతుంది. దాని పక్క నుంచి నాన్‌రిటర్న్ వాల్వుతో ఒక బైపాస్ లైను తప్పక వేయించండి. కరెంటు పోయినప్పుడు నీళ్లు ఆ దారిన తమంతట తామే దిగుతాయి. అదే బూస్టరునో మోటారునో మున్సిపల్ కనెక్షన్‌కు నేరుగా తగిలించడం మాత్రం నిషిద్ధం. అది పక్కింటి నీళ్లు లాగడమే కాక, ఎక్కడైనా పగిలిన పైపులోంచి మురుగును కూడా లోపలికి పీలుస్తుంది.

ఇల్లు కడుతున్నవాళ్లు ఇందులో ఒక్క పనిని తర్వాతికి వాయిదా వేయకూడదు. 1,500 లీటర్ల ట్యాంకు నిండితే టన్నున్నర బరువు. మెట్ల గది శ్లాబు మామూలుగా ఆ బరువు కోసం వేసింది కాదు. శ్లాబుకు కమ్మీ కట్టకముందే మీ ఇంజనీరుకు ట్యాంకు అక్కడ వస్తుందని చెప్పండి. దిమ్మె సరిగ్గా బీముల మీదికి వచ్చేలా గీయించుకోండి, ట్యాంకు శుభ్రం చేసేందుకు ఎక్కి దిగడానికి నిచ్చెన, చుట్టూ మనిషి నిలబడే చోటు అడగండి. శ్లాబు పోసేశాక ఆ 2.4 మీటర్లు సంపాదించడం చాలా ఖరీదవుతుంది.